ఘాలా మేడ మీద అట్లతద్ది

బుధవారం రాత్రి తొమ్మిది గంటలు. మస్కట్ ఎక్స్‌ప్రెస్‌వే దిగి ఘాలాలోకి మలుపు తిరగ్గానే మీకు ముందు కనిపించేవి గోదాములు, టైర్ల కొట్లు, ఇంకా లైట్లార్పని కార్ల షెడ్లు. రెండు వీధులు దాటాక అపార్టుమెంట్లు మొదలవుతాయి. మూడో అంతస్తులో తలుపు తెరుచుకుంటుంది. చెప్పులు విప్పేలోపే పచ్చి గోరింటాకు వాసన మీ ముక్కుకు తగులుతుంది.

వంటగదిలో మిక్సీ దగ్గర నిలబడింది అతను. ఆమె పక్కనే స్టూలు మీద కూర్చుని పురమాయిస్తోంది.

"నీళ్లు ఎక్కువ పొయ్యకండి. జారైపోతే చేతిమీద నిలవదు."

"రెండు చెంచాలే పోశాను. నలగట్లేదుగా మరి!"

"ఆపి, గరిటెతో కిందామీదా చేసి మళ్లీ తిప్పండి."

రేపు 2025 అక్టోబరు 9, గురువారం. ఆశ్వయుజ బహుళ తదియ, అట్లతద్ది. ఆమెది రాజమండ్రి, అతనిది గోదావరికి అవతల ఒడ్డున ఒక పల్లె. పెళ్లయిన కొత్తలో ఆమె ఈ పండుగను అత్తగారింట్లో చేసుకుంది. ఆకు కోసింది ఆడపడుచు, రుబ్బింది అత్తగారు, చేతులకు పెట్టింది పక్కింటి పిన్ని, ఉయ్యాల ఊపింది వీధిలోని ఆడపిల్లలు. ఆ రోజు అతను చేసిందల్లా సాయంత్రం మార్కెట్టు నుంచి పూలు తెచ్చి గుమ్మంలో ఇవ్వడమే. ఇప్పుడు ఆడపడుచు లేదు, పిన్ని లేదు, వీధి కూడా లేదు. వాళ్ల పనులన్నీ ఒక్కొక్కటిగా అతని చేతికి వచ్చాయి. నేను మిమ్మల్ని ఇక్కడికి తీసుకొచ్చింది అందుకే. విదేశంలో పండుగ చిక్కిపోతుందని చాలామంది దిగులు పడతారు. ఈ ఇంట్లో మాత్రం ఆడవాళ్ల పండుగ కాస్తా ఆలుమగల పండుగైంది.

ఆకు బర్కా తోటల నుంచి వచ్చింది. అతని ఆఫీసులో పనిచేసే ఒమానీ ఆయన ఇంటి తోటలో గోరింట పొదలున్నాయి. ఈ దేశంలో గోరింట లేని పెళ్లి ఉండదు. పెళ్లికూతురికి గోరింట పెట్టడానికి ఒక రాత్రినే ప్రత్యేకంగా కేటాయిస్తారు. కాబట్టి "మా ఆవిడకి పండగ, కాస్త హిన్నా ఆకు కావాలి" అంటే ఆయనకు ఇంకేమీ వివరించక్కర్లేకపోయింది. మర్నాడు సంచినిండా కొమ్మలు తెచ్చి ఇచ్చాడు.

ఆకు దూసి, రెండు పెద్ద గుప్పిళ్లు కొలిచి, ఉసిరికాయంత చింతపండు, చిన్న వక్కపలుకు వేశారు. చింతపండులోని పులుపు ఊరికే వేసేది కాదు. ఆకులో దాగున్న రంగు బయటికి రావాలంటే పులుపు సాయం కావాలి. ఆ రంగు మన చర్మం పైపొరలో ఉండే కెరటిన్‌కి అతుక్కుంటుంది. అరచేతిలో, వేళ్ల చివర్లలో ఆ పొర మందం. అందుకే అక్కడ ఎర్రగా పండుతుంది, చెయ్యి వెనకవైపు అదే ముద్ద పెట్టినా వెలవెలబోతుంది. మన నాయనమ్మలు అరచేతిలో చందమామ, చుట్టూ చుక్కలు, వేళ్లకు టోపీలు పెట్టి ఊరుకున్నారంటే ఎక్కడ పండుతుందో తెలిసే పెట్టారు.

ఎర్రగా పండితే మంచి మొగుడొస్తాడంటారు పెళ్లికాని పిల్లలతో. పెళ్లయినవాళ్లతో అయితే మొగుడికి అంత ప్రేమ ఉన్నట్టంటారు. ఇక్కడ ఆకు రుబ్బేది, పెట్టేది ఆ మొగుడే కాబట్టి పందెం అతని మీదే ఉంది. చేతికి ప్లాస్టిక్ తొడుగులు ఇస్తే వద్దన్నాడు. ముద్ద తీసి ఆమె ఎడమ అరచేతిలో రూపాయి బిళ్లంత చుక్క పెడుతున్నాడు. మొదటిది కాస్త వంకర. ఆమె చూస్తుంది, ఏమీ అనదు. పదోవేలు దాకా వచ్చేసరికి అతని చెయ్యి నిలకడైంది.

ఇంతసేపు ఇద్దరూ అంత దగ్గరగా కూర్చుని, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, ఫోన్ ముట్టకుండా ఉండటం మామూలు రోజుల్లో జరగదు. అతను ఘాలాలోనే ఒక కాంట్రాక్టు కంపెనీలో క్వాంటిటీ సర్వేయర్, ఇంటికొచ్చేసరికి ఏడు. ఆమె ఇంట్లోంచే లెక్కల పని చేస్తుంది. గోరింటాకు పెట్టుకున్నాక ఆమె చేతులు రెండూ కట్టేసినట్టే. కాబట్టి మంచినీళ్లు అతనే తాగిస్తాడు, ముఖం మీద పడ్డ జుట్టు అతనే వెనక్కి తోస్తాడు. మన పెద్దవాళ్లు ప్రేమను నోటితో చెప్పే అలవాటు పెట్టలేదు గానీ, దాన్ని చేతల్లో చూపించక తప్పని సందర్భాలు మాత్రం ఇలా ఏర్పాటు చేసి పెట్టారు.

ఏసీ ఆపేశారు. చల్లటి పొడిగాలికి ముద్ద అరగంటలో బీటలు తీసి రాలిపోతుంది. కాస్త వెచ్చగా ఉంటేనే రంగు బాగా దిగుతుంది. ఎండుతున్నప్పుడల్లా నిమ్మరసం, పంచదార కలిపిన నీళ్లు దూదితో అద్దుతున్నాడు. నాలుగైదు గంటలు ఉంచాలి. తర్వాత సబ్బు, నీళ్లు తగలకుండా గీరేసి కొబ్బరినూనె రాయాలి. తీయగానే నారింజరంగే కనిపిస్తుంది. దానికి కంగారు పడకూడదు, ఒక రోజు నుంచి రెండు రోజుల్లో ముదురుతుంది. గురువారం సాయంత్రానికి చేతులు పండాలంటే బుధవారం రాత్రే పెట్టుకోవాలనడానికి కారణం ఇదే.

పచ్చాకు దొరక్కపోతే పొడి వాడొచ్చు. ఆకు తప్ప ఇంకేమీ కలపని పొడి ఎండుగడ్డి వాసన వేస్తుంది, తడిపితే ఆకుపచ్చ కలిసిన గోధుమరంగులో ఉంటుంది. పది నిమిషాల్లో పండుతుందన్నా, కాటుకలా నల్లగా వస్తుందన్నా ఆ కోను ముట్టుకోకండి. గోరింటాకు ఎన్నడూ కారునలుపు పండదు. ఆ నలుపు కోసం జుట్టు రంగుల్లో వాడే పారాఫినైలిన్ డయామీన్ అనే రసాయనం కలుపుతారు. దానివల్ల కొందరికి కొన్ని రోజుల తర్వాత బొబ్బలు వస్తాయి, మచ్చలు మిగిలిపోతాయి. ఒకసారి అది పడనివాళ్లకు ఆ తర్వాత తలకు వేసుకునే రంగులు కూడా పడకపోవచ్చు. దురద గానీ మంట గానీ మొదలైతే వెంటనే కడిగేసి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

తెల్లవారుజామున నాలుగుకి మిమ్మల్ని లేపుతారు. కళ్లు నులుముకుంటూ వంటగదిలోకి వస్తే, అల్మరా హ్యాండిల్‌కు వేలాడుతూ చిన్న తాటి ఉట్టి, అందులో స్టీలు గిన్నె. అద్దె ఇల్లు, పైకప్పుకు మేకు కొట్టనివ్వరు. అందుకని రాజమండ్రి నుంచి పెట్టెలో పెట్టుకొచ్చిన ఉట్టిని హ్యాండిల్‌కే కట్టారు. దాని కింద చాప. అట్లతద్ది నాడు సూర్యుడు రాకముందే ఉట్టి కింద కూర్చుని చద్దన్నం తినాలి.

రాత్రి వండిన అన్నంలో పెరుగు కలిపి ఉంచారు. గోంగూర పచ్చడి, ఉల్లిపాయ పులుసు. ఆమె చేతులకు ఇంకా నూనె జిడ్డు ఉంది. నీళ్లు తగిలితే రంగు చెడుతుంది కాబట్టి అతనే ముద్దలు కలిపి పెడుతున్నాడు. మీరు చూడనట్టు మీ కంచంలోకి చూసుకోండి, ఆమెకు కాస్త సిగ్గుగా ఉంది. ఆఖరి ముద్ద మింగేసరికి దగ్గర్లోని మసీదు నుంచి ఫజ్ర్ అజాన్ వినిపిస్తుంది. ఇక్కడివాళ్లకు తెల్లవారకముందు తిని పగలంతా ఉపవాసం ఉండటం గురించి చెప్పక్కర్లేదు. ఎదురు ఫ్లాటులోని ఒమానీ పెద్దావిడ, ఈమె ఉపవాసమని తెలిసి నిన్ననే ఖర్జూరాలు పంపింది.

ఇప్పుడు ఆటలు. చాలా ఇళ్లలో పూజ, అట్లు మిగులుతాయి గానీ ఈ తెల్లవారుజాము మొదట జారిపోతుంది. ఆఫీసుకెళ్లాలి, నిద్ర చాలదు, నలుగురూ ఏమనుకుంటారో అని వదిలేస్తారు. నన్నడిగితే, ఏదైనా వదులుకోవాల్సి వస్తే పూజలో పిండివంటలు రెండు తగ్గించుకోవాలి గానీ ఈ గంటను వదలకూడదు. మన ఊళ్లలో పెళ్లికాని ఆడపిల్లలు ఏడాదికోసారి చీకట్లో వీధుల్లోకి వచ్చి గట్టిగా పాడుతూ, పరుగులు తీస్తూ, తమకు ఎలాంటివాడు కావాలో ఒకరితో ఒకరు చెప్పుకున్న గంట ఇది. మగపిల్లలు గోడల చాటునుంచి తొంగి చూసిన గంట కూడా.

పక్క భవనంలోని భీమవరం జంట కిందికి వచ్చారు. కార్లు పెట్టుకునే చోట మూలగా, ఎవరి కారూ లేని జాగాలో సుద్దముక్కతో తొక్కుడుబిళ్ల గడులు గీశారు. బిళ్లకు పలకముక్క లేదు, టైల్సు ముక్క పనికొచ్చింది. బంగ్లాదేశీ వాచ్‌మన్‌కు నిన్ననే చెప్పి ఉంచారు. ఆయన కుర్చీ బయటికి లాక్కుని కూర్చున్నాడు. చీర కుచ్చిళ్లు ఎగదోపి ఆమె ఒంటికాలి మీద మూడో గడి దాటింది. పోటీ అతనితో. తర్వాత వంతు అతనిది.

"కాలు గీత మీద పడింది!"

"పడలేదు. కావాలంటే మా చెల్లెల్ని అడుగు," అని అతను భీమవరం ఆవిడ వైపు చూపించాడు.

"నన్ను మధ్యలోకి లాగకన్నయ్యా. నాకైతే పడినట్టే అనిపించింది."

ఆట తూరుపు తెల్లబడేదాకా సాగింది. మస్కట్‌లో అక్టోబరులో ఆరింటికి సూర్యోదయం. ఈ వేళప్పుడు గాలి హాయిగా ఉంటుంది. ఇంకో మూడు గంటలు ఆగితే ఈ కాంక్రీటు మీద కాలు పెట్టలేం. ఆరుబయట ఆలుమగలు మరీ చనువుగా ఉండటాన్ని ఈ దేశం మెచ్చదు, మన పల్లెలూ మెచ్చవు. తొక్కుడుబిళ్ల ఆడుకోవడానికి ఎవరి అభ్యంతరమూ లేదు.

పగలంతా అతను ఆఫీసులో. కుడిచెయ్యి మణికట్టు దాకా నారింజరంగు. ఆమె నీళ్లు కూడా ముట్టకుండా ఉందామనుకుంది. వాళ్లమ్మ ఫోన్‌లో ముందే చెప్పేసింది, "ఆ ఎండదేశంలో నీళ్లు మానకు, పాలూ పళ్లూ తీసుకో, గౌరమ్మ ఏమీ అనుకోదు" అని. కడుపుతో ఉన్నవాళ్లు, చక్కెర జబ్బుకు మందు వేసుకునేవాళ్లు అసలు ఉపవాసం జోలికి పోకుండా మిగతావన్నీ చేసుకోవచ్చు. ఈ వ్రతకథలో రాకుమార్తె కూడా ఉపవాసానికి తాళలేక సొమ్మసిల్లిన పిల్లే.

ఆమె ఉదయం తొమ్మిదింటికి, ఒక గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల బియ్యం లెక్కన నానబోసింది. మినుములు రాహువుకు, బియ్యం చంద్రుడికి ఇష్టమని, అట్లు నైవేద్యం పెడితే కుజదోషం పోతుందని పెద్దవాళ్ల మాట. మధ్యాహ్నం రెండింటికి రుబ్బింది. ఈ అట్టుకు పిండి బాగా పులవనక్కర్లేదు. మస్కట్‌లో ఏసీ లేని వంటగదిలో రాత్రంతా వదిలేస్తే పిండి పొంగి, పుల్లబడి పొయ్యి గట్టు మీదికి వస్తుంది. ఏసీ ఉన్న గదిలో పెడితే రెండోరోజుకీ కదలదు. రుబ్బిన మూడు గంటలకే పోస్తే అట్టు మందంగా, మెత్తగా వస్తుంది. దేవికి పెట్టేది కాబట్టి రుచి చూడకూడదు. ఉప్పు చెంచాతో కొలిచి వేయడమే.

నాలుగున్నరకే అతను పూలతో వచ్చాడు. దార్సైత్ వైపు వెళ్లి తెచ్చాడు. మల్లెల కాలం కాదు. జాజులు, కనకాంబరాలు కలిపి కట్టిన మాల దొరికింది. తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో, పళ్లకు దూరంగా పెట్టాడు. పండే పళ్ల పక్కన ఉంటే పూలు తొందరగా వాడతాయి. పూలు తీసుకున్న ఆమె అతని అరచెయ్యి పట్టుకుని చూసింది. పొద్దుటి నారింజ ఎరుపెక్కింది. తన చెయ్యి పక్కన పెట్టి పోల్చింది. అతనిదే ఎక్కువ పండింది. రుబ్బినవాడి చెయ్యి కదా, ముద్దలో బాగా నానింది.

"ఇప్పుడేమంటావ్?"

"మా అమ్మకి ఫొటో పెడతా."

సాయంత్రం ఐదున్నర దాటాక మీరంతా మేడ ఎక్కుతారు. దక్షిణాన బోడికొండలు ఎర్రబడి ఉన్నాయి. ఉత్తరంగా సుల్తాన్ కాబూస్ పెద్ద మసీదు మీనారు. మెట్ల గది గోడ పక్కన ఇనుప చట్రం ఉయ్యాల. తోటల్లో వేసుకునే రకం. ఊళ్లో అయితే చింతకొమ్మకు తాడు వేసేవాళ్లు. ఇక్కడ అలాంటి చెట్టు లేదు. తలుపు చట్రానికి బిగించే కడ్డీలు పెద్దవాళ్ల బరువు మొయ్యవు. అందుకని ఇది కొన్నారు. యజమాని ఒప్పుకున్నాకే మేడ మీద పెట్టారు, పిట్టగోడకు బాగా దూరంగా. ఎవరైనా ఎక్కేముందు అతను నాలుగు కాళ్లనూ కదిపి చూస్తాడు, బోల్టులు బిగిస్తాడు. ఎండకు, ఉప్పుగాలికి ఇక్కడ ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. ఊగినప్పుడు కిర్రుమంటే బోల్టు వదులైనట్టే.

ఆమె కూర్చుంది. అతను వెనక నిలబడి ఊపుతున్నాడు.

"చిన్నప్పుడు మా అక్కని ఊపేవాణ్ణి. చింతచెట్టు కింద. గట్టిగా ఊపితే తిట్టేది, మెల్లగా ఊపితే తిట్టేది."

"నేను తిట్టను. ఇంకాస్త గట్టిగా ఊపండి."

పళ్లెంలో పసుపుతో చేసిన గౌరమ్మ. ముందు పదకొండు అట్లు, బెల్లంపాకం. పసుపు రాసిన దారంతో పదకొండు ముడుల తోరం. అత్తగారింట్లో అయితే ఈ తోరం అత్తగారు కట్టేవారు. ఇప్పుడు అతను కడుతున్నాడు. కుడి మణికట్టుకి చుట్టి, ముడి వేసి, బిగువు సరిపోయిందా అని వేలు దూర్చి చూశాడు.

ఫోన్ మోగింది. రాజమండ్రి నుంచి వాళ్లమ్మ.

"ఏమ్మా, ఇక్కడ చందమామ వచ్చేశాడు. నువ్వింకా తినలేదా?"

"ఇక్కడింకా రాలేదమ్మా."

"రాకపోవడమేంటే? బాబూ, మీరైనా చూడండి."

"చూస్తూనే ఉన్నానండీ అత్తయ్యగారూ. మనకంటే ఇక్కడ ఆలస్యం."

ఈ చిక్కు గల్ఫ్‌లో ప్రతి అట్లతద్దికీ వస్తుంది. మన గడియారానికి, మస్కట్ గడియారానికి గంటన్నర తేడా. చాలామంది ఇండియా క్యాలెండరులోని చంద్రోదయం సమయంలోంచి గంటన్నర తీసేసి, ఆ వేళకి చంద్రుడు వచ్చేస్తాడనుకుంటారు. అలా చేయాల్సింది తిథికి మాత్రమే. తిథి లోకమంతటికీ ఒక్క క్షణంలోనే మారుతుంది. దృక్ పంచాంగం ప్రకారం ఈ రోజు తదియ మన దేశంలో రాత్రి 10:54 దాకా, అంటే మస్కట్‌లో 9:24 దాకా ఉంది. చంద్రుడు మాత్రం ఏ ఊరి తూరుపున ఆ ఊరికే పొడుస్తాడు. మస్కట్ పడమరగా ఉంది కాబట్టి రాజమండ్రి వాళ్లకు కనిపించిన గంటకు పైగా ఆగితే గానీ ఇక్కడ కనిపించడు. ఏడు దాటాక వస్తాడు, మేడలు దాటి పైకి రావడానికి ఇంకాసేపు పడుతుంది. తదియ పోకముందే వస్తాడు కాబట్టి నిశ్చింతగా ఎదురుచూడొచ్చు.

ఎదురుచూసే వేళకు కథ సరిపోతుంది. ఆమె చెబుతుంది, మీరు అక్షింతలు చేతిలో పట్టుకుని వినండి. ఒక రాజుగారి కూతురు మంచి మొగుడి కోసం అట్లతద్ది నోము పట్టింది. సాయంత్రానికి సోలిపోయింది. చెల్లెలి అవస్థ చూడలేక అన్నలు దూరంగా చెట్టుమీద మంట వెలిగించి, అద్దంలో దాని వెలుగు చూపించి, అదిగో చంద్రుడన్నారు. నమ్మి అన్నం తింది. ఆ తర్వాత వచ్చిన సంబంధాలన్నీ ముసలివాళ్లవే. ఆ పిల్ల అడవికి పోయి తపస్సు చేస్తే, పార్వతీ పరమేశ్వరులు కనిపించి జరిగింది చెప్పారు. మళ్లీ సరిగ్గా నోము నోచుకున్నాక కోరుకున్నవాడు దొరికాడు.

కథ ముగిసేసరికి తూరుపున రెండు భవనాల మధ్య పసుపు వెలుగు.

"అదిగో!" అన్నాడతను.

ఆమె లేచి చూసింది. నిర్మాణంలో ఉన్న భవనం మీది క్రేను దీపం.

"మీరూ ఆ అన్నయ్యల్లా చెయ్యకండి."

అందరూ నవ్వారు. అతనిది నిజంగా పొరపాటే, ఆకలితో ఉన్న మనిషిని చూసి తొందరపడ్డాడు. ఆ అన్నలు చేసిందీ ప్రేమతోనే. ఎదుటి మనిషి కోరుకున్నదాని కోసం ఆ మనిషితోపాటు ఆకలిని ఓర్చుకోవడం వాళ్లకు చేతకాలేదు. అతను మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదని ఆమెకు ఇంకా తెలియదు, భీమవరం ఆవిడ చెప్పేదాకా.

ఈ మేడ మీద ఇంకొకాయన ఉన్నాడు. ఘాలా పారిశ్రామిక వాడలో వెల్డరు, అతని ఊరివాడే. కంపెనీ ఇచ్చిన గదిలో నలుగురితో ఉంటాడు. భార్య ఊళ్లోనే ఉంది. మేడ చివర నిలబడి ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. అక్కడ ఆ భార్య చంద్రుణ్ణి చూసి, తినేసి, ఇప్పుడు ఆయన్ని అడుగుతోంది, కనిపించాడా అని. ఆయనొక పని చేస్తాడు, నాకు అది ఏ కానుకకంటే పెద్దదనిపిస్తుంది. పండుగకు వారం ముందే ఊళ్లో పూలమ్మే ఆవిడకు డబ్బు పంపుతాడు. సాయంత్రం నాలుగింటికల్లా ఇంటికి పూలమాల వెళ్తుంది, ఎవరు పంపారో చెప్పక్కర్లేకుండా. మొగుడు గల్ఫ్‌లో ఉన్న ఆడదాని తలలో పండగనాడు పూలున్నాయంటే, అవి అతను తెచ్చినవేనని వీధికంతా తెలుస్తుంది. గోదావరి జిల్లాల నుంచి, కడప వైపు నుంచి ఈ దేశాలకు ఇంటిపనికి వచ్చిన ఆడవాళ్ల సంగతి ఇంకో రకం. ఎవరి ఇంట్లోనో వంటగదిలో ఉండి, మొగుడికి ఫోన్ చేసి "తిన్నావా" అని అడగడంతోనే వాళ్ల అట్లతద్ది అయిపోతుంది. అక్కడ ఆ మొగుడు పిల్లదాని చేతికి గోరింటాకు పెట్టి ఫొటో పంపితే, ఆ తల్లికి పండుగ అందినట్టే.

ఏడున్నర దాటింది. ఈశాన్యం వైపు మేడల మీద నిజం చంద్రుడు వచ్చాడు. రెండు రోజుల కింద పున్నమి అయింది కాబట్టి ఒక అంచు కాస్త అరిగి ఉన్నాడు, రాగిరంగులో. ఆమె అర్ఘ్యం ఇచ్చింది, అక్షింతలు వేసింది. భీమవరం ఆవిడకు కొంగు పట్టి పదకొండు అట్లు వాయనం ఇచ్చింది, ఇచ్చానని ఈవిడ, పుచ్చుకున్నానని ఆవిడ మూడేసి సార్లు అనుకుంటూ.

తినే అట్లు మాత్రం వేడిగా ఉండాలని అతను కింద వంటగదిలో పెనం పెట్టాడు. ఆమె వెళ్లబోతే వారించి కూర్చోబెట్టారు. మొదటి అట్టు పెనానికి అంటుకుంది, ఉల్లిపాయ ముక్కతో రుద్ది రెండోది పోశాడు. మూత పెట్టి, అంచులు లేచేదాకా ఆగాడు. నాలుగోదానికి గుండ్రంగా వచ్చింది. బెల్లంపాకంలో ముంచి మొదటి ముక్క ఆమెకు పెట్టాడు. రెండోది ఆమె అతనికి పెట్టింది.

"ఉప్పు తక్కువైంది," అంది.

"కొలిచింది నువ్వే."

అట్లు తింటూనే ఉద్యాపన లెక్క మొదలైంది. ఏళ్లు నిండాక నోము తీర్చుకోవాలి. పదకొండు మంది ముత్తయిదువులను పిలిచి ఒక్కొక్కరికి పదకొండు అట్లు వాయనం. అంటే నూట ఇరవై ఒకటి, గౌరమ్మకు వేరే. ఒక గ్లాసు పప్పుకు, రెండు గ్లాసుల బియ్యానికి ఇలాంటి మందపాటివి పదకొండు దాకా వస్తున్నాయి. కాబట్టి పన్నెండు గ్లాసుల పప్పు, ఇరవై నాలుగు గ్లాసుల బియ్యం. ఇంట్లో మిక్సీ చాలదు, గ్రైండరు అడిగి తెచ్చుకోవాలి. రెండు పెనాలు, ఇద్దరు మనుషులు.

"ఒక పెనం నాది," అన్నాడతను.

"మరి పదకొండు మంది ఏరి?"

ఫోన్‌లో నోట్సు తెరిచి రాయడం మొదలుపెట్టాడు. భీమవరం ఆవిడ ఒకరు. ఇండియన్ సోషల్ క్లబ్ తెలుగు విభాగంలో పరిచయమైనవాళ్లు ముగ్గురు. కరీంనగర్ ఆవిడ ఉంది, వాళ్లకు అట్లతద్ది లేదు, బతుకమ్మ ఉంది, పిలిస్తే తప్పకుండా వస్తుంది. శుక్రవారాలు ఘాలా చర్చికి వెళ్లే గుంటూరు ఆవిడ వాయనం పుచ్చుకోకపోయినా అట్లు పొయ్యడానికి వస్తానని ఎప్పుడో చెప్పింది. ఆవిడ పేరు విడిగా రాశాడు. అల్ ఖువైర్‌లో ఒకరు, సీబ్‌లో ఇద్దరు. వేళ్లు మడిచి చూస్తే ఎనిమిది.

"ఇంకా ముగ్గురు కావాలి," అన్నాడు ఆమె వైపు తిరిగి. "మీ ఆఫీసు వాళ్లెవరైనా ఉన్నారా?"